ఎకో తీగ మీది ఐదు వోల్టులు

డాబా మీద ట్యాంకులో నీళ్లు ఎంతవరకు వచ్చాయో కింద వంటింట్లో నిలబడే చూసుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడు రెండు సామాన్లు కొంటున్నారు. ఒకటి వైఫై ఉన్న ఈఎస్పీ32 బోర్డు. రెండోది హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సర్. సెన్సర్‌ని ట్యాంకు మూత కింద నీళ్లవైపు చూసేలా బిగిస్తారు. అది మన చెవికి వినబడని శబ్దాన్ని వదిలి, నీటి మీద తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. దానికి ఉన్నవి నాలుగే కాళ్లు: వీసీసీ, ట్రిగ్, ఎకో, గ్రౌండ్. నాలుగు తీగలు కలిపితే పనైపోయినట్టే కనిపిస్తుంది. చాలామందికి అలా కలిపినా పనిచేస్తుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ సెన్సర్ పాత రకం ఐదు వోల్టుల మీద నడుస్తుంది. ఈఎస్పీ32 చిప్ మాత్రం లోపల 3.3 వోల్టుల మీద నడుస్తుంది. బోర్డుకి యూఎస్‌బీ నుంచి ఐదు వోల్టులే ఇస్తాం కదా అని కొందరు అడుగుతారు. ఆ ఐదుని బోర్డు మీదున్న చిన్న రెగ్యులేటర్ 3.3కి దించి చిప్‌కి అందిస్తుంది. పిన్నులన్నీ చిప్‌వే కాబట్టి వాటి హద్దు 3.3 దగ్గరే ఉంటుంది. తయారీదారు డేటాషీట్ లెక్క ప్రకారం పిన్ను మీద వోల్టేజీ సరఫరా కంటే 0.3 వోల్టుకు మించి పెరగకూడదు, అంటే 3.6 వోల్టులు. సెన్సర్ ఎకో కాలు పైకి లేచినప్పుడు ఇచ్చేదేమో ఐదు.

మరి నేరుగా కలిపినవాళ్ల బోర్డులు వెంటనే ఎందుకు కాలిపోవడం లేదు? ప్రతి పిన్ను వెనకా చిప్ లోపల రెండు చిన్న డయోడ్లు ఉంటాయి. ఒకటి గ్రౌండు వైపు, ఇంకొకటి 3.3 వోల్టుల సరఫరా వైపు. చేతివేలి నుంచి తగిలే స్టాటిక్ విద్యుత్తును పక్కకు మళ్లించడానికి పెట్టినవి అవి. ట్యాంకుకి ఓవర్‌ఫ్లో పైపు లాంటివనుకోండి. ఎప్పుడో ఒకసారి పొంగితే పక్కకు వదలడానికే గానీ, రోజంతా మోటారు నీళ్లు దాంట్లోంచే పోవాలంటే ఆ పైపు తట్టుకోదు. పిన్ను మీద వోల్టేజీ సుమారు 3.9కి చేరగానే పైవైపు డయోడ్ తెరుచుకుంటుంది. మిగతా కరెంటు దాని గుండా చిప్ సరఫరాలోకి పోతుంది. దాన్ని ఆపడానికి దారిలో రెసిస్టర్ ఏదీ లేదు కనుక, ఎంత పోవాలన్నది సెన్సర్ లోపలి చిప్ బలం మీదే ఆధారపడుతుంది.

వైఫై ఆన్‌లో ఉండి బోర్డు మేలుకుని ఉన్నంతసేపూ ఈ దొంగ కరెంటుని చిప్ తనే వాడేసుకుంటుంది. అందుకే బల్ల మీద పరీక్షించినప్పుడు అంతా బాగానే ఉంటుంది. బ్యాటరీ ఆదా కోసం బోర్డుని గాఢనిద్రలోకి పంపితే కథ మారుతుంది. అప్పుడు చిప్ వాడేది మిల్లీఆంపియర్‌లో చాలా చిన్న వంతు. ఆ సమయంలో బయటి నుంచి ఏదైనా వస్తే వాడేవాడు లేడు. బోర్డు మీది రెగ్యులేటర్‌కి వోల్టేజీ ఇవ్వడమే తెలుసు, ఎక్కువైనదాన్ని వెనక్కి లాక్కోవడం తెలియదు. అలా వస్తే 3.3 ఉండాల్సిన తీగ మెల్లగా పైకి లేవవచ్చు, ఆ తీగ మీదున్నవన్నీ దాంతోపాటే లేస్తాయి. ఒక పిన్నుతో మొదలైన గొడవ మొత్తం బోర్డుకి పాకే దారి ఇది.

ఇంకో గుర్తు కూడా ఉంది. సెన్సర్‌కి వేరే ఐదు వోల్టుల అడాప్టరు పెట్టి, బోర్డు యూఎస్‌బీ తీగ పీకేశాక కూడా బోర్డు మీది ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంటే, సెన్సర్ తీగ గుండా బోర్డుకి దొంగదారిన కరెంటు అందుతోందన్నమాట. అది చూసి ముచ్చటపడకుండా ముందు తీగ తీసేయాలి.

ఇక్కడ మల్టీమీటరు కూడా మోసం చేస్తుంది. ఎకో మీద ఎంత వోల్టేజీ ఉందో చూద్దామని మీటరు పెట్టినవాళ్లకి అర వోల్టు దగ్గర ఏదో అంకె కనిపిస్తుంది. అర వోల్టే కదా, భయమెందుకని నేరుగా కలిపేస్తారు. నిజానికి ఎకో ఎప్పుడూ పైకి లేచి ఉండదు. నీళ్లు మీటరు దూరంలో ఉంటే శబ్దం వెళ్లి రావడానికి సుమారు 5.8 మిల్లీసెకన్లు పడుతుంది, ఎకో పైన ఉండేది ఆ కాసేపే. 60 మిల్లీసెకన్లకోసారి కొలుస్తున్నామంటే మిగతా సమయమంతా అది సున్నా. మీటరు చూపించేది ఈ రెంటి సగటు: ఐదుని 5.8తో గుణించి 60తో భాగిస్తే 0.48 వోల్టు. పిన్నుని దెబ్బతీసేది సగటు కాదు, ఆ 5.8 మిల్లీసెకన్ల పాటు నిలబడే ఐదు వోల్టులు. ఆసిలోస్కోపు ఉంటే ఇది ఒక్క చూపులో తేలిపోతుంది. లేనివాళ్లకి దారి కాసేపట్లో చెబుతాను.

ముందు అసలు లెవెల్ మార్చాల్సిన అవసరం ఉందా అని చూసుకోవడం మంచిది. ఇదే సెన్సర్‌లో 3 నుంచి 5.5 వోల్టుల దాకా ఎక్కడైనా నడిచే కొత్త రకాలు వచ్చాయి. వాటికి 3.3 ఇస్తే ఎకో కూడా 3.3 దాటదు, సమస్యే ఉండదు. పాత రకానికి 3.3 ఇస్తే మాత్రం దూరం తప్పుగానో సున్నాగానో వస్తుంది. పాతదే చేతిలో ఉంటే మనకు కావాల్సినవి రెండే రెసిస్టర్లు. కోఠీలోని గుజరాతీ గల్లీలో అడిగితే చిల్లరకు వచ్చేవి.

ఎకో కాలు నుంచి మొదటి రెసిస్టర్, దాని చివర నుంచి గ్రౌండుకి రెండో రెసిస్టర్. రెండూ కలిసిన చోటు నుంచి బోర్డు పిన్నుకి తీగ. దీన్నే వోల్టేజీ డివైడర్ అంటారు. పైదాన్ని R1, కిందిదాన్ని R2 అనుకుంటే మధ్యలో వచ్చే వోల్టేజీ ఇది:

```
Vpin = Vecho × R2 / (R1 + R2)
```

చాలా బొమ్మల్లో 1 కిలోఓము, 2 కిలోఓములు అని రాసి ఉంటుంది. లెక్క 3.33కి వస్తుంది, తప్పేం లేదు. కానీ దుకాణంలో 2 కిలోఓములు అడిగితే తరచూ 2.2 చేతిలో పెడతారు. అప్పుడది 3.44 అవుతుంది. హద్దు 3.6 అయినప్పుడు ఇది కాస్త దగ్గరైపోయినట్టే. పైన 1.8, కింద 3.3 కిలోఓములు పెట్టడం నాకు నచ్చిన జత. రెండూ మామూలుగా దొరికే విలువలే. ఐదు వోల్టులకి 3.24 వస్తుంది.

ఒక్క అంకె చూసి ఊరుకోకుండా అటూ ఇటూ కదిపి చూడాలి. యూఎస్‌బీ అడాప్టరు కొంచెం ఎక్కువగా 5.25 ఇచ్చిందనుకుందాం. రెసిస్టర్లు రెండూ ఐదు శాతం తేడాతో, అదీ మనకు ప్రతికూలంగా, వచ్చాయనుకుందాం. అప్పుడు పిన్ను మీద 3.5 దాకా పోతుంది. హద్దులోనే ఉంది. ఇప్పుడు ఇంకోవైపు చూడండి. సన్నటి పొడవాటి తీగ వల్ల సెన్సర్‌కి 4.6 వోల్టులే అందాయి, రెసిస్టర్ల తేడా ఈసారి కిందికి ఉంది. అప్పుడు 2.87 వస్తుంది. ఈఎస్పీ32 పిన్ను ఒక సంకేతాన్ని హై అని కచ్చితంగా గుర్తించడానికి తన సరఫరాలో 75 శాతం, అంటే సుమారు 2.5 వోల్టులు కావాలి. అక్కడా గట్టెక్కాం. 2.5కి 3.6కి మధ్య కిటికీలో ఏ పరిస్థితిలోనైనా నిలబడే జత కాబట్టే దీన్ని ఎంచుకున్నాను.

ఇందాక చెబుతానన్న దారి ఇది. బోర్డు పిన్నుకి తీగ కలపకముందే, ఎకో నుంచి వచ్చే తీగని తీసి డివైడర్ పై కొసని నేరుగా ఐదు వోల్టులకి తగిలించండి. మీటరు నల్ల ప్రోబు గ్రౌండు మీద, ఎర్రది రెండు రెసిస్టర్లు కలిసిన చోట పెట్టండి. ఇప్పుడు వోల్టేజీ నిలకడగా ఉంది కనుక సగటు మోసం లేదు. 3.2 దగ్గర కనిపిస్తే డివైడర్ సరిగ్గా ఉంది. 1.76 కనిపిస్తే రెసిస్టర్లు తారుమారయ్యాయి. పిన్నుకి హాని లేదు గానీ బోర్డు దాన్ని హై అని గుర్తిస్తుందన్న హామీ లేదు, సున్నా దూరం రావచ్చు. పూర్తి ఐదు కనిపిస్తే కింది రెసిస్టర్ గ్రౌండుకి అందలేదు. బ్రెడ్‌బోర్డు మీద వదులైన కాలు వల్ల ఎక్కువగా జరిగేది ఇదే. పొరపాటున అలాగే కలిపినా పై రెసిస్టర్ అడ్డుగా ఉంది కనుక డయోడ్ గుండా పోయేది 0.6 మిల్లీఆంపియర్ మాత్రమే. నేరుగా కలపడంతో పోలిస్తే ఇది చాలా చిన్న తప్పు. డివైడర్ అంటే నాకు ఇష్టం అందుకే. అది సగం విరిగినా సగం కాపాడుతుంది.

రెసిస్టర్లు పెట్టడం వల్ల కొలత ఆలస్యమై దూరం తప్పుతుందేమోనని అనుమానం రావచ్చు. ఈ విలువలకి మామూలు పొడవు తీగలతో ఆ ఆలస్యం మైక్రోసెకనులో చిన్న వంతే. మైక్రోసెకనుకి శబ్దం వెళ్లేది మిల్లీమీటరులో మూడో వంతు. నీళ్ల అల అంతకంటే పెద్దది. అలాగని కరెంటు ఆదా అంటూ లక్ష ఓముల రెసిస్టర్లు పెట్టకండి. డాబా మీద నుంచి పొడవాటి తీగ దింపితే అది పక్కనున్న మోటారు స్టార్టరు గోలనంతా పట్టుకుని పిన్నుకి వినిపిస్తుంది.

ఎకోని చదవడానికి బోర్డు వైపు రాయాల్సింది రెండే పంక్తులు. 18వ పిన్ను మీద ఎకో ఉందనుకుంటే:

```
long t = pulseIn(18, HIGH, 30000);
float cm = t / 58.0;
```

ట్రిగ్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ బోర్డు మాట్లాడుతుంది, సెన్సర్ వింటుంది. పది మైక్రోసెకన్ల పాటు 3.3 వోల్టులు చూపిస్తే చాలు, ఈ మాడ్యూళ్లు సాధారణంగా దాన్ని హై అనే తీసుకుంటాయి. 3.3 వల్ల ఐదు వోల్టుల సెన్సర్‌కి నష్టమేమీ ఉండదు. మహా అయితే వినబడదు, అంతే. కనుక ట్రిగ్ తీగ నేరుగా కలపవచ్చు. ప్రమాదం ఎప్పుడూ ఎక్కువ వోల్టేజీ ఉన్నవాడు మాట్లాడినప్పుడే.

ఇంతవరకూ ఒక తీగ మీద ఒకరే మాట్లాడారు. వంటింట్లో నీటిమట్టం చూపడానికి పదహారు అక్షరాల ఎల్‌సీడీ పెట్టామంటే చిక్కు కొత్త రూపంలో వస్తుంది. దాని వెనక చిన్న ఐ2సీ పలక ఉంటుంది. ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ అని రెండే తీగలు. వీటిలో ఎస్‌డీఏ మీద బోర్డూ మాట్లాడుతుంది, ఎల్‌సీడీ కూడా బదులిస్తుంది. ఈ పద్ధతిలో ఎవరూ తీగని పైకి తోయరు. కిందికి లాగడం, వదిలేయడం, ఈ రెండే. వదిలేసిన తీగని పైకి తీసుకుపోయేది పుల్‌అప్ రెసిస్టర్. ఐదు వోల్టులతో నడిచే ఆ పలక మీద ఈ రెసిస్టర్లు సాధారణంగా 4.7 కిలోఓములు, వాటి పై కొస ఐదు వోల్టులకి కట్టి ఉంటుంది. అంటే ఎవరూ మాట్లాడనప్పుడు కూడా బోర్డు పిన్ను మీద ఐదు వోల్టుల ఒత్తిడి ఉంటూనే ఉంటుంది.

నేరుగా కలిపితే డయోడ్ గుండా పోయేది 1.1 వోల్టుని 4.7 కిలోఓములతో భాగించినంత, అంటే 0.23 మిల్లీఆంపియర్. ‘మాది నెలల తరబడి నడుస్తోందండీ, ఏమీ కాలేదు’ అనేవాళ్లంతా ఈ చిన్న అంకె పుణ్యాన బయటపడుతున్నవాళ్లే. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ పిన్ను హద్దు దాటే ఉంది. తయారీదారు హామీ ఇవ్వని చోట నడుస్తున్నారంతే.

ఇక్కడ డివైడర్ పనికిరాదు, ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. మన 1.8, 3.3 జత కలిపి 5.1 కిలోఓములు. అది ఎప్పుడూ తీగని గ్రౌండు వైపు లాగుతూనే ఉంటుంది. పైన 4.7 కిలోఓముల పుల్‌అప్ ఉంది కనుక ఎవరూ మాట్లాడనప్పుడు ఎల్‌సీడీ వైపు తీగ 2.6 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. ఐదు వోల్టులతో నడిచే ఆ పలక మీది చిప్‌కి హై అనిపించాలంటే 3.5 కావాలి. దానికి తీగ ఎప్పుడూ పైకి లేచినట్టే ఉండదు.

దీనికి చక్కటి పరిష్కారాన్ని ఫిలిప్స్ సంస్థ 1997లో ఒక అప్లికేషన్ నోట్‌లో ప్రచురించింది. తీగకో మాస్‌ఫెట్, రెండు వైపులా పుల్‌అప్ రెసిస్టర్లు, అంతే. ఈరోజు దుకాణాల్లో లెవెల్ కన్వర్టర్ అని అమ్మే నాలుగు దారుల చిన్న పలక అదే. దానిమీద సాధారణంగా బీఎస్‌ఎస్138 అనే మాస్‌ఫెట్లు, పది కిలోఓముల రెసిస్టర్లు ఉంటాయి. మాస్‌ఫెట్ గేటు 3.3కి, సోర్సు బోర్డు తీగకి, డ్రెయిను ఎల్‌సీడీ తీగకి కట్టి ఉంటాయి.

ఎవరూ మాట్లాడనప్పుడు గేటు, సోర్సు రెండూ 3.3 దగ్గరే ఉంటాయి. తేడా లేదు కనుక మాస్‌ఫెట్ మూసుకుని ఉంటుంది. ఒకవైపు 3.3, ఇంకోవైపు ఐదు, ఎవరి వోల్టేజీ వారిది. బోర్డు తన తీగని సున్నాకి లాగితే గేటు, సోర్సుల మధ్య 3.3 వోల్టుల తేడా వచ్చి మాస్‌ఫెట్ తెరుచుకుంటుంది, అవతలి తీగ కూడా కిందికి దిగుతుంది. ఎల్‌సీడీ తన తీగని లాగినప్పుడు జరిగేది ఇంకా బాగుంటుంది. మాస్‌ఫెట్ లోపల సహజంగా ఉండే డయోడ్ గుండా మొదట బోర్డు తీగ 0.7 దాకా జారుతుంది. అప్పుడు గేటుతో తేడా 2.6కి పెరుగుతుంది. ఈ మాస్‌ఫెట్ తెరుచుకోవడానికి 1.5కి మించి అక్కర్లేదు. తెరుచుకుని మిగతా దూరం తనే లాగేస్తుంది. ఎవరు ఎప్పుడు మాట్లాడతారో దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పలక మీద హెచ్‌వీ అన్నచోట ఐదు, ఎల్‌వీ అన్నచోట 3.3 ఇవ్వాలి. ఈ రెండూ తారుమారైతే ఆ లోపలి డయోడే ఐదు వోల్టుల వైపు నుంచి 3.3 వైపుకి దారి అవుతుంది. అందుకని బోర్డు, ఎల్‌సీడీ సంకేత తీగలు కలపకముందు సరఫరాలు రెండూ, గ్రౌండూ ఇచ్చి మీటరుతో చూడండి. ఎల్‌వీ వైపు ప్రతి దారి మీదా 3.3, హెచ్‌వీ వైపు ఐదు నిలకడగా కనిపించాలి. ఈ పలకలో ఎల్‌సీడీకి పోగా రెండు దారులు మిగులుతాయి. వాటిలో ఒకటి ఎకోకి వాడుకుంటే డివైడర్ కూడా అక్కర్లేదు.

అయితే ఈ పలక అన్నిటికీ చాలదు. పైకి లేవడానికి దానికున్నది పది కిలోఓముల రెసిస్టరే కనుక తీగ మెల్లగా లేస్తుంది. తీగల కెపాసిటెన్సు 50 పికోఫారడ్లనుకుంటే ఆ లేవడానికి అర మైక్రోసెకను స్థాయి సమయం కావాలి. ఎల్‌సీడీకి, ఎకోకి అది లెక్కలోకి రాదు. ట్యాంకు నిండగానే రంగు మారాలని డబ్ల్యూఎస్2812 రకం ఎల్‌ఈడీ పట్టీ పెడితే మాత్రం, దానిలో సున్నాని సూచించే పల్స్ పొడవే 0.4 మైక్రోసెకను దగ్గర. అది లేచేలోపే దిగిపోవాల్సి వస్తుంది. రంగులు పిచ్చిగా మారతాయి. అక్కడ ఐదు వోల్టులతో నడిపే 74హెచ్‌సీటీ125 వాడాలి. అది 2 వోల్టులకే హై అంటుంది, ఐదుని వేగంగా బయటకి తోస్తుంది. కొనేటప్పుడు చివరి ‘టీ’ ఉందో లేదో చూసుకోండి. అది లేని 74హెచ్‌సీ125 ఐదు వోల్టుల మీద 3.5 అడుగుతుంది, మన 3.3 దానికి చాలదు.

ఇప్పటికే నేరుగా కలిపేసినవాళ్లకి పిన్ను బాగుందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటుంది. ఆ పిన్ను నుంచి తీగలన్నీ తీసేసి ఇది నడపండి:

```
pinMode(18, INPUT_PULLUP);
delay(10);
Serial.println(digitalRead(18));
pinMode(18, INPUT_PULLDOWN);
delay(10);
Serial.println(digitalRead(18));
```

మొదట 1, తర్వాత 0 రావాలి. రెండుసార్లూ ఒకటే అంకె వస్తే ఆ పిన్ను పోయినట్టే. సరిగ్గా వచ్చినా అంతటితో వదలకండి. పుల్‌అప్ ఉంచి మీటరుతో పిన్ను వోల్టేజీ చూడండి. చిప్ లోపలి పుల్‌అప్ పదుల కిలోఓముల్లో ఉండే బలహీనమైన రెసిస్టర్. పిన్ను ఆరోగ్యంగా ఉంటే మీటరు 3.3కి దగ్గరగా చూపిస్తుంది. ఏ 2.6 దగ్గరో ఆగిపోతే లోపలి డయోడ్ లీకవుతోందని అర్థం. ఆ పిన్నుని వదిలి ఇంకోదానికి మారితే బోర్డు ఇంకా నడవచ్చు. ఏ తీగా లేకుండానే చిప్ మూత వేలితో ఆనించలేనంత వేడెక్కుతుంటే మాత్రం నష్టం ఒక్క పిన్నుతో ఆగలేదు. ఆ బోర్డుని ట్యాంకు దగ్గరకి తీసుకెళ్లకండి.